మంత్రిగారూ, 'ఆసక్తి లేదు' బటన్ ఒక్కటే చాలదు

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వీడియో యాప్‌ల సిఫార్సుల మీద ఇప్పటికి రెండు అర్జీలు పెట్టుకున్నాం. రెండింటికీ మీ కార్యాలయం ఇచ్చిన జవాబు ఒక్కటే: "నచ్చనిదాని మీద 'ఆసక్తి లేదు' అని నొక్కవచ్చు కదా!" రోజూ ఇలాంటి వ్యవస్థలతోనే పనిచేసేవాళ్లం. ఆ బటన్ మీరనుకుంటున్న పని చేయదండీ.

తర్వాత ఏం చూడాలో సూచించే వరస రెండు దశల్లో తయారవుతుంది. యూట్యూబ్ ఇంజినీర్లు 2016లో ప్రచురించిన పరిశోధన పత్రంలోనే ఈ పద్ధతి ఉంది. ప్రతి వీడియోకూ కొన్ని అంకెలు ఉంటాయి; ఒకేలాంటి వీడియోల అంకెలు దగ్గరదగ్గరగా ఉంటాయి. మొదటి దశలో వ్యవస్థ మనం ఇటీవల చూసిన వీడియోల అంకెలను సగటు చేసి, దాన్ని ఆధారం చేసుకుని లక్షల వీడియోల్లోంచి కొన్ని వందలు ఏరుతుంది. రెండో దశలో వాటికి మార్కులు వేసి పైకీ కిందికీ పేరుస్తుంది.

ఆ మార్కులు ఎక్కువగా పడేది ఎంతసేపు చూస్తారన్న అంచనాకే. కుళాయి కారుతోంది, వాషర్ మార్చడం తెలియాలి అనుకోండి. రెండు నిమిషాల వీడియో ఒకటి వంద మందికి చూపితే పదిమంది తెరిచి, పూర్తిగా చూశారు: మొత్తం 20 నిమిషాలు. మరొకటి సాగదీసిన వీడియో. నలుగురే తెరిచారు, కానీ తలా పావుగంట కూర్చున్నారు: 60 నిమిషాలు. పైకి వచ్చేది రెండోదే. పని త్వరగా ముగించి పంపినందుకు మొదటిది వెనకబడుతుంది. తర్వాతి కాలంలో లైకులు, సర్వే జవాబులు కూడా కలిపారు, నిజమే. కానీ సర్వేకు జవాబిచ్చేవాళ్లు కొద్దిమందే. చూసిన నిమిషాలు మాత్రం అందరి నుంచీ, అడగకుండానే వస్తాయి.

ఇక ఆటోప్లే. రాత్రి ఫోను పక్కన పెట్టి నిద్రపోతే, ఆగకుండా నడిచిన నలభై నిమిషాలూ ఇష్టపడి చూసినట్టే లెక్కలోకి చేరే ప్రమాదం ఉంది. పొద్దున సిఫార్సులన్నీ ఆ దారే పడతాయి. అప్పుడు 'ఆసక్తి లేదు' నొక్కితే ఆ ఒక్క వీడియో పోతుంది. అంకెల్లో దానికి దగ్గరగా ఉన్న అలాంటివే చాలావరకు అలాగే ఉంటాయి, ఎందుకంటే మనం చూసిన వీడియోల చరిత్ర మారలేదు, సగటు మారలేదు. ఒక్కసారి నొక్కి చూడండి. అదే విషయం చాలాసార్లు ఇంకో ఛానల్ పేరుతో వస్తుంది. చరిత్రలోంచి ఆ వీడియోను తీసేస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది, కానీ ఆ వీలు సిఫార్సు పక్కన కాక వేరేచోట ఉంటుంది. మామూలు మనిషి అక్కడిదాకా ఎలా వెళ్తాడండీ?

ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టం 38వ అధికరణం, వ్యక్తి వివరాలను బట్టి నడవని సిఫార్సు వరస కనీసం ఒకటైనా ఇవ్వాలని పెద్ద వేదికలను ఆదేశించింది. మేమడిగేదీ అదే, మొదటి అర్జీలోనూ అదే అడిగాం. ఆటోప్లే మొదట ఆపి ఉంచమనండి. చరిత్ర చెరిపే బటన్ సిఫార్సు పక్కనే పెట్టించండి. దయచేసి ఈసారైనా బటన్ ఉంది కదా అని మాత్రం రాయించకండి.

ఇట్లు,
సిఫార్సు వ్యవస్థలపై పనిచేసే కొందరు ఇంజినీర్లు