మాస్టారి పదవీ విరమణ సభకు ప్రసంగం: ముందు ఇవి కనుక్కో

మెల్‌బోర్న్,
ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని నాన్న చెప్పారు, మనసు కుదుటపడింది.

లెక్కల మాస్టారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారనీ, పదో తరగతి తరఫున నిన్ను మాట్లాడమన్నారనీ చదివి ఎంతో సంతోషించాను. ప్రసంగం రాసి పంపమన్నావు. దానికి నువ్విచ్చినవి నాలుగు ముక్కలు: ఆయన లెక్కలు చెబుతారు, మన బడిలో 33 ఏళ్లు పనిచేశారు, 60 ఏళ్లు నిండాయి, చాలా మంచివారు. వీటితో ఇప్పుడే రాయగలను. కానీ పేరు మార్చి పక్క ఊరి సైన్సు మాస్టారి సభలో చదివినా ఎవరికీ తేడా తెలియదు. అంతకాలం పాఠం చెప్పిన మనిషికి అలాంటిది వినిపించడం నాకు ఇష్టం లేదు.

పైగా ఆ నాలుగింటిలో రెండు సరిచూడాలి. మన బడిలోనే 33 ఏళ్లు ఉంటే ఆయన నాకూ పాఠం చెప్పి ఉండాలి కదా. నేను పది పూర్తిచేసేదాకా ఆయన అక్కడ లేరు. జిల్లా పరిషత్ బళ్లలో టీచర్లకు బదిలీలు ఉంటాయి, ఒకేచోట ఎనిమిదేళ్లు నిండితే తప్పనిసరి. కాబట్టి 33 అనేది ఆయన మొత్తం సర్వీసు అయి ఉంటుంది. వయసు కూడా అంతే. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరి నుంచి విరమణ వయసు 62. ఈ నెలలో దిగిపోతున్నారంటే ఆయనకు 62 నిండుతున్నట్టు. నువ్వు మైకులో 60 అన్నావంటే ముందు వరసలో ఉన్న మాస్టార్లందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఇవి సరిగ్గా తెలిసేది బడి ఆఫీసులో. ఆయన సర్వీసు రిజిస్టరు అక్కడే ఉంటుంది. అది నీకు చూపించరు, చూపించమని అడగకు. గుమాస్తా గారి దగ్గరికి వెళ్లి మూడు మాటలు మాత్రం అడుగు: మాస్టారు మొదట ఏ ఊళ్లో, ఏ సంవత్సరం చేరారు? మన బడికి ఎప్పుడు వచ్చారు? ఇప్పుడు ఆయన హోదా ఏమిటి? మూడోది ఎందుకంటే, చాలామంది సెకండరీ గ్రేడ్ టీచరుగా ప్రాథమిక పాఠశాలలో మొదలుపెట్టి, పదోన్నతి మీద స్కూల్ అసిస్టెంట్ అయ్యి హైస్కూలుకు వస్తారు. ఈయనా అలా వచ్చినవారైతే, మొదట్లో పలకల మీద అక్షరాలు దిద్దించి ఉంటారు. అది నీ తరగతిలో ఎవరికీ తెలిసి ఉండదు.

అయితే ఈ సంవత్సరాలన్నీ నీ ప్రసంగంలో ఒక్క వాక్యానికి మించకూడదు. నీకంటే ముందు హెడ్మాస్టరు గారు మాట్లాడతారు, మండల విద్యాశాఖాధికారి వస్తే ఆయనా మాట్లాడతారు. ఎక్కడ చేరారు, ఎక్కడెక్కడ పనిచేశారు అనేది వాళ్లు చదువుతారు. అదే నువ్వు మళ్లీ చదివితే జనం వక్కపొడి పొట్లాలు విప్పుకుంటారు. బెంచీ మీద కూర్చున్నవాడికి మాత్రమే కనిపించేది వేదిక మీదున్న పెద్దలకు తెలియదు. నిన్ను పిలిచింది ఆ మాట కోసమే.

దాన్ని రాబట్టడానికి ఎలా అడుగుతావన్నదే ముఖ్యం. "మాస్టారు ఎలాంటివారు?" అని అడిగితే తరగతి మొత్తం "చాలా మంచివారు" అంటుంది, నీకు ఒక్క అక్షరం మిగలదు. జరిగినదాన్ని అడుగు. లెక్క తప్పు చేస్తే ఆయన ఏమన్నారు? బోర్డు దగ్గర నిలబడి రానివాడితో ఏం చేశారు? ఎప్పుడైనా కోప్పడితే దేనికి? చెప్పినవాణ్ణి అక్కడితో వదలకు. "తరవాత?" అని ఇంకోసారి అడుగు, అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది.

ఒకటి నీ దగ్గరే ఉంది, నువ్వు గమనించలేదు. పోయిన నెల ఫోనులో మాటల మధ్య అన్నావు, ఆయన తప్పుకు ఇంటూ గుర్తు పెట్టరనీ, లెక్క ఎక్కడ దారి తప్పిందో ఆ వరస చుట్టూ సున్నా చుట్టి పుస్తకం తిరిగి ఇచ్చేస్తారనీ. తమ్ముడూ, నీ ప్రసంగం అదే. వెంటనే నోటుబుక్కు తీసి అలాంటి పేజీ ఒకటి వెతుకు. ఉదాహరణకు x² − 5x + 6 = 0 అనే వర్గ సమీకరణాన్ని నువ్వు (x + 2)(x + 3) = 0 అని విడగొట్టావనుకో. ఆయన సున్నా ఆ వరస మీద ఉంటుంది. రెండూ గుణించి చూడమంటారు. నువ్వు గుణిస్తే మధ్యలో +5x వస్తుంది, ఇచ్చినది −5x. తప్పు నీకు నువ్వే పట్టుకున్నావు, ఆయన చెప్పలేదు. సరిగ్గా ఇలాగే జరిగిందని కాదు. నీ పుస్తకంలో నిజంగా ఉన్న లెక్క ఏదో, ఆయన నిజంగా అన్న మాట ఏదో అది కావాలి. ఆయన నోట రాని మాట ఒక్కటి కూడా ఆయన అన్నట్టు చెప్పకు. ఎదురుగా కూర్చుని వింటారు.

నీ అనుభవం ఒక్కటే చాలదు, పాత విద్యార్థి ఒకరిని పట్టుకో. మన వీధిలోనే ఆయన దగ్గర చదివి ఇప్పుడు డిగ్రీలో ఉన్నవాళ్లు ఉంటారు. అప్పుడూ ఇలాగే సున్నా చుట్టేవారా అని అడుగు. అవునంటే అది ఆయన పద్ధతి అని ధైర్యంగా చెప్పవచ్చు. కాదంటే అది మీ తరగతికి మాత్రమే అని చెప్పు.

ఎవరైనా "నా పరీక్ష ఫీజు మాస్టారే కట్టారు" అని చెబితే అక్కడ కాస్త ఆగు. అది గొప్ప విషయమే, సభలో చెప్పాలనిపిస్తుంది కూడా. కానీ ఆ కుర్రవాడూ వాళ్ల అమ్మా నాన్నా అక్కడే కూర్చుని ఉండవచ్చు. వాళ్లు ఒప్పుకుంటేనే చెప్పు, పేరు మాత్రం వద్దు. మాస్టారికి కూడా అది బయటపడటం ఇష్టమో కాదో ఆయన భార్యగారినో, స్టాఫ్ రూములో ఆయన పక్కన కూర్చునేవారినో కనుక్కో. ఆరోగ్యం, పిల్లల ఉద్యోగాలు, రావలసిన పింఛను మన నోట రానే కూడదు.

నీకు ఎన్ని నిమిషాలిచ్చారో కూడా అడుగు. మూడు నిమిషాలైతే, నిదానంగా పలికితే మూడు వందల పదాలు మించి పట్టవు. అంటే ఆ సున్నా సంగతి ఒక్కటి వివరంగా, పాత విద్యార్థి మాట ఒకటి, చివర నమస్కారం. మొదలు ఇలా అనుకుంటున్నాను, ఖాళీలు నువ్వు నింపి పంపాలి:

"సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మాస్టారి కుటుంబ సభ్యులకు నమస్కారం. మాస్టారు ........ సంవత్సరంలో ........ ఊళ్లో ఉద్యోగంలో చేరారు. మా బడికి వచ్చింది ........ లో. నా చేతిలో ఉన్నది నా లెక్కల పుస్తకం. ఇందులో ........ పేజీలో మాస్టారు చుట్టిన ఎర్ర సున్నా ఒకటి ఉంది."

పుస్తకం నిజంగా చేతిలో పట్టుకుని వెళ్లు. సిరా ఎర్రదేనా, నీలమా అదీ చూసి రాయి. ఖాళీలు గురువారం లోపు వస్తే శనివారం నాకు సెలవు, కూర్చుని పూర్తిచేసి రాత్రికి పంపుతాను. ఆదివారం ఫోను చేస్తాను, అప్పుడు నాకు వినిపిద్దువుగాని. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ నీ మాటల్లోకి మార్చుకుందాం.

అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పు. మాస్టారి పేరు ఇంటిపేరుతో సహా ఆహ్వాన పత్రికలో ఎలా అచ్చువేశారో అలాగే రాసి పంపు, ఒక్క అక్షరం కూడా మారకుండా.

మీ అక్క