డైకిరీ లెక్క

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. నువ్వు కలిపిన డైకిరీ ఒకసారి పళ్లు పులిసేటంత పుల్లగా, మరోసారి షర్బత్తులాగా వస్తోందని రాశావు. రమ్ము మార్చి చూద్దామనుకుంటున్నావు కానీ నా ఉద్దేశంలో తప్పు రమ్ముది కాదు. క్యూబాలో శాంటియాగో దగ్గరి డైకిరీ అనే గనుల ఊరి పేరుతో వచ్చిన ఈ పానీయంలో ఉండేవి రమ్ము, నిమ్మరసం, చక్కెర మాత్రమే. దాచుకోవడానికి వేరే ఏదీ లేదు కనుక పులుపు, తీపి ఏమాత్రం అటూఇటూ అయినా నాలుకకు ఇట్టే తెలిసిపోతుంది.

డైకిరీలాగా మద్యం, పులుపు, తీపి కలిపి చేసే ‘సవర్’ జాతి పానీయాలన్నిటికీ నేను పాటించే లెక్క ఒకటే: మద్యం 60 మిల్లీలీటర్లు, నిమ్మరసం 22, షుగర్ సిరప్ 22. మన భాషలో చెప్పాలంటే ఒక లార్జ్ పెగ్గుకు పులుపూ తీపీ సరిసమానంగా, ఒక్కొక్కటి స్మాల్ పెగ్గుకు కాస్త తక్కువగా పడాలి. చాలామంది రెండు, ఒకటి, ఒకటి అని 30 చొప్పున పోస్తారు. అదీ తప్పు కాదు గానీ అందులో రమ్ము రుచి వెనక్కి పోతుందని నాకనిపిస్తుంది.

అయితే ఈ లెక్క సిరప్ ఎలా కాచావన్న దాని మీద ఆధారపడుతుంది. చక్కెర, నీళ్లు సమాన బరువులో తీసుకుంటే, 22 మిల్లీలీటర్ల సిరప్‌లో సుమారు 13 గ్రాముల చక్కెర ఉంటుంది. నిమ్మరసంలో ఆమ్లం దాదాపు ఆరు శాతం కనుక అంతే రసంలో సుమారు 1.3 గ్రాములు ఉంటుంది. అంటే ఒక వంతు ఆమ్లానికి పది వంతుల చక్కెర. అసలు తూకం ఇదే. నువ్వు గ్లాసుతో కొలిచి కాచావని రాశావు. గ్లాసెడు చక్కెర గ్లాసెడు నీళ్లకన్నా తేలిక కనుక ఆ సిరప్ కొంత పలచన అవుతుంది, పానీయం పుల్లబడుతుంది. రెండు వంతుల చక్కెరకు ఒక వంతు నీళ్లు పోసి చిక్కగా కాస్తే 22 కాదు, 15 మిల్లీలీటర్లు చాలు. ఆ సంగతి మరిచి 22 పోస్తేనే షర్బత్తు తయారవుతుంది. వంటింటి త్రాసు మీద 200 గ్రాముల చక్కెర, 200 గ్రాముల వేడినీళ్లు తూచి, కరిగించి చల్లార్చుకో. ఈ ఒక్క పనితో నీ బాధ సగం తీరుతుంది.

మిగతా సగం నిమ్మకాయది. మాకు గూడూరు నుంచి వచ్చే చిన్న కాగజీ నిమ్మలు, మీ డాలస్‌లో దొరికే గింజల్లేని పెద్ద పచ్చనికాయలు ఒకే రకం కావు. ఒకే బుట్టలోని కాయలు కూడా ఒకే పులుపుతో ఉండవు. కాబట్టి రసాన్ని కాయల లెక్కన కాక కొలతతో పోసి, రుచి చూశాక దిద్దుబాటంతా సిరప్‌తోనే చెయ్యి. చారు పులుపెక్కితే మనం నీళ్లు పోయం కదా, చిటికెడు బెల్లం వేస్తాం. ఇక్కడా అంతే, ఒక చెంచా సిరప్, అంటే 5 మిల్లీలీటర్లు, కలిపి మళ్లీ చూడాలి. రసం ఆ పూట పిండినదే కావాలి. రాత్రి పిండి ఫ్రిజ్‌లో పెట్టినది పులుపు ఉన్నా వాసన చచ్చి, కాస్త చేదెక్కుతుంది.

ఇక నీళ్ల సంగతి. మూడూ కలిపితే 104 మిల్లీలీటర్లు. మా దగ్గర అమ్మే 42.8 శాతం రమ్ముతో అయితే ఆల్కహాలు దాదాపు 25 శాతం ఉంటుంది, గొంతులో మండుతుంది. షేకర్ నిండా ఐసు వేసి 12 సెకన్ల పాటు గట్టిగా కుదిపితే 45 మిల్లీలీటర్ల వరకు నీరు కలిసి, అది 17 శాతానికి దిగుతుంది. చలికి తీపి తగ్గినట్టు అనిపిస్తుంది కనుక ఐసు వెయ్యకముందు నాలుకకు సరిగ్గా ఉన్న మిశ్రమం గ్లాసులోకి వచ్చేసరికి పుల్లగానే తేలుతుంది. ముందు కాస్త తియ్యగా, ఘాటుగా ఉండటమే మంచిది. షేకర్ పైన తెల్లటి మంచుపొర కట్టితే ఆపి, వడకట్టు. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన గట్టి ఐసు వాడు. కరుగుతున్న ఐసుతో నీళ్లెక్కువై మూడు రుచులూ పలచబడతాయి, దానికి సిరప్ చేర్చినా లాభం లేదు.

విస్కీ సవర్‌కు రమ్ము బదులు బోర్బన్, పచ్చనిమ్మ బదులు పసుపు లెమన్ వేస్తే ఇదే లెక్క నడుస్తుంది. మార్గరీటాలో మాత్రం జాగ్రత్త: సిరప్ స్థానంలో పోసే నారింజ లిక్కరు సిరప్ అంత తియ్యన కాదు, పైగా అందులోనూ మద్యముంది. అందుకే టెకిలాను 50కి దించి, లిక్కరు 22 పోసి, ఒక చెంచా సిరప్ కూడా చేర్చు. ముందు డైకిరీ కుదిరాక దాని జోలికి వెళ్లు. సిరప్ ఏ పాళ్లలో కాచావో, ఏ నిమ్మకాయ వాడావో ఈసారి తప్పక రాయి.

నీ
మురళి