ఫైనల్లో మన రైడర్‌ను ఎందుకు కూర్చోబెట్టాం

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం బాలికల కబడ్డీ ఫైనల్ గురించి మీ వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది. "లేచి నిలబడిన పిల్లని ఎందుకు దింపేశారు, రెండు పాయింట్లతో కప్పు పోయింది కదా" అంటున్నారు. జరిగింది చెబుతాను.

రెండో హాఫ్‌లో కూతకు వెళ్లిన మన ఎనిమిదో తరగతి అమ్మాయి కణతకు డిఫెండర్ మోకాలు తగిలింది. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. లేచింది గానీ మన కోర్టులోకి రాకుండా ఎదుటి జట్టు వైపు నడిచింది. అది ముందుగా కనిపెట్టింది మన కెప్టెన్. ఆ కప్పు కోసం ఏడాదంతా తెల్లారకముందే గ్రౌండుకొచ్చిన పదో తరగతి పిల్ల, తనే చెయ్యెత్తి ఆట ఆపించింది! సోమవారం అసెంబ్లీలో బడి చేత చప్పట్లు కొట్టించాను, ఇంకోసారి కొట్టించినా కొట్టిస్తాను.

పీఈటీ సారు ముందు మెడ నొప్పి ఉందేమో కనుక్కుని, తర్వాత అడిగారు: ఇది ఎన్నో హాఫ్? ఇందాక పాయింటు ఎవరు తెచ్చారు? సెమీస్ ఎవరితో ఆడాం? మూడోదానికి తడబడింది. కంకషన్, అంటే తల దెబ్బకు మెదడు అదిరిందన్న అనుమానం వస్తే చాలు, ఆ రోజుకు ఆట లేదు. అన్నీ సరిగ్గా చెప్పినా దెబ్బ లేదని కాదు. 2019లో లార్డ్స్ టెస్టులో ఆర్చర్ బంతి మెడకు తగిలిన స్టీవ్ స్మిత్ పరీక్షలన్నీ దాటి మళ్లీ బ్యాటింగ్ చేశాడు. లక్షణాలు మర్నాడు బయటపడ్డాయి. అప్పుడు అతని బదులు లబుషేన్ దిగాడు.

"సీటీ స్కాన్ నార్మల్, ఇంకేం?" అని కొందరు అడిగారు. స్కాన్‌లో కనిపించేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. కంకషన్‌లో మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతింటుంది, అది ఆ ఫిల్ములో పడదు. అది తగ్గకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రమాదం చాలా ఎక్కువ. దీని మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను, ఎంతసేపైనా.

మొదటి రెండు రోజులు ఫోను, టీవీ బాగా తగ్గించమని చీటీ రాసి పంపాం. ఆ రాత్రి పదకొండింటికి అమ్మాయి గ్రూపులో మ్యాచ్ వీడియోలకు లైకులు కొడుతోంది. ఫోను ఎవరిదో నేను అడగను. వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా గ్రూపులో సలహాలు అడక్కండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు ఆమె నడక, తేలికపాటి పరుగు దశలో ఉంది. తర్వాత ఒంటరిగా అడుగుల సాధన. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు, తలనొప్పి పెరిగితే ఆ రోజుకు ఆపేస్తాం. లక్షణాలు పూర్తిగా పోయి, చదువు మామూలుగా సాగుతూ, డాక్టరు రాసిస్తేనే జట్టుతో సాధన. అదీ మొదట ఒకరినొకరు పట్టుకోకుండా, తర్వాత పట్టుకుని. మ్యాచ్ చివరి మెట్టు. జట్టు సాధన మొదలయ్యాక ఎక్కడైనా మళ్లీ తల నొప్పి వస్తే ఒంటరి సాధనకే వెనక్కి. పిల్లలకు నాలుగు వారాలు పట్టినా వింత కాదు.

టర్మ్ ఫీజు, వ్యాన్ ఫీజు ఈ నెలాఖరులోగా. తల్లిదండ్రుల సమావేశం రెండో శనివారం, ఉదయం పదింటికి. డాక్టరు చీటీలు ఆఫీసులో కాదు, నేరుగా పీఈటీ సారు చేతికే ఇవ్వండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు