మాత్ర వేసుకున్నాక నెలసరి తేదీ మారితే

సంపాదకునికి,

అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్నాక నెలసరి అనుకున్న రోజుకు రాకపోతే చాలామంది హడలిపోతున్నారు. మందుల షాపుల్లో దొరికే 1.5 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్ ప్రధానంగా అండం విడుదలను వాయిదా వేస్తుంది. దీనివల్ల నెలసరి తేదీ కూడా ముందుకో వెనక్కో జరగవచ్చు.

28 రోజులకోసారి బయటచేరే స్త్రీకి ఈ నెల 1న నెలసరి వచ్చిందనుకుందాం. తర్వాతిది 29న రావాలి. 8న మాత్ర వేసుకుంటే కొన్ని రోజులు ముందే రావచ్చు. అండం విడుదలయ్యాక, అంటే 18న వేసుకుంటే, రెండు మూడు రోజులు ఆలస్యం కావచ్చు. వారం లోపు తేడా మామూలే.

మాత్ర వేసిన కొద్ది రోజులకే కనబడే ఎర్రమరకలను నెలసరి అనుకుని నిశ్చింతగా ఉండటమే అసలు పొరపాటు. అవి గర్భం లేదనడానికి రుజువు కావు. పైగా వాయిదాపడిన అండం తర్వాత విడుదల కావచ్చు కాబట్టి, ఆ నెలలో మళ్లీ కలిస్తే కండోమ్ తప్పనిసరి.

గడువు దాటి వారమైనా నెలసరి రాకపోతే పొద్దున్నే తొలి మూత్రంతో పరీక్ష చేసుకోవాలి. తేదీలు సరిగా గుర్తులేనివారు కలయిక జరిగిన మూడు వారాలకు చేసుకోవచ్చు. మరీ తొందరపడితే గర్భం ఉన్నా కిట్‌లో ఒకే గీత పడుతుంది. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రంగా నొప్పి వస్తే మాత్రం కిట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

– ఒక స్త్రీవైద్య నిపుణురాలు, గుంటూరు