మీమ్‌ను అనువదించేటప్పుడు బొమ్మను పక్కన పెట్టకండి

సంపాదకుడు గారికి,

ఏదైనా మీమ్ మీద గొడవ రేగితే, అందులోని మాటలను ఒక్క వాక్యంగా కుదించి, కొటేషన్ గుర్తులు తగిలించి అచ్చు వేయడం పత్రికలకు అలవాటైంది. టీవీ చర్చల్లోకీ, ఒక్కోసారి పోలీసు ఫిర్యాదుల్లోకీ ఆ వాక్యమే ఎక్కుతోంది. అది అనువాదమని, అసలు మీమ్ వేరే భాషలో ఉందని చాలామందికి తెలియనే తెలియదు. ఈ పని తెలిసినవారిగా కొన్ని విషయాలు మీ దృష్టికి తేవాలనుకుంటున్నాం.

2017 అక్టోబరులో వెస్ట్‌బ్యాంక్‌లో పనిచేసే ఒక పాలస్తీనా కార్మికుడు బుల్‌డోజర్‌కు ఆనుకుని నిలబడిన తన ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టి, అరబిక్‌లో ‘శుభోదయం’ అని రాశాడు. ఫేస్‌బుక్ యాంత్రిక అనువాదం దాన్ని హీబ్రూలో ‘వాళ్ల మీద దాడి చేయండి’ అని చూపించింది. అంతకుముందు అలాంటి వాహనాలతో దాడులు జరిగి ఉండటంతో ఫొటో కూడా అనుమానానికి బలమిచ్చింది. అరబిక్ వచ్చిన అధికారి ఒక్కరూ చదవకముందే ఇజ్రాయెల్ పోలీసులు అతన్ని అరెస్టు చేశారు, కొన్ని గంటల తర్వాత వదిలేశారు. మాట తప్పుగా మారేసరికి బొమ్మ అర్థం కూడా మారిపోయింది. అందుకే మీమ్‌లో ఈ రెండింటినీ విడదీసి చూడకూడదు.

మన దగ్గర ఇది ఎలా జరగగలదో ఒక నమూనా తీసుకుని చూద్దాం. 2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో ముంబై మీద సన్‌రైజర్స్ 277 పరుగులు కొట్టింది. అప్పటికి ఐపీఎల్‌లో అదే అత్యధిక స్కోరు. అలాంటి రాత్రి ఇలాంటి మీమ్ వస్తుందనుకోండి: పైన ‘ఉప్పల్‌ల ఊచకోత’ అని పెద్ద అక్షరాలు. కింద చేతులు జోడించి ఏడుపు మొహం పెట్టిన ఒక హాస్యనటుడు. అతని నుదుటి మీద ‘ముంబై బౌలర్లు’ అన్న చీటీ. గడ్డం కింద ‘అన్నా, ఇగ సాలు, ఇడిసిపెట్టు’.

మొదటి పొరపాటు చదివే వరుసలోనే జరుగుతుంది. బొమ్మలోంచి అక్షరాలను లాగే యాప్‌కు ఏది శీర్షిక, ఏది చీటీ, ఏది పాత్ర మాట అన్న తేడా తెలియదు. పైనుంచి కిందికి కలిపేస్తే ‘ఉప్పల్‌ల ఊచకోత ముంబై బౌలర్లు’ అని ఒకే ముక్క వస్తుంది. దాన్ని వేరే భాషలోకి మారిస్తే బౌలర్లే ఊచకోత కోశారనో, వాళ్లను ఎవరో చంపేశారనో తేలుతుంది. అందుకే అనువాదానికి ముందు మనిషి కూర్చుని, ఏ అక్షరాలు ఎక్కడున్నాయో, ఏ మాట ఎవరి నోటిదో వేర్వేరు వరుసల్లో రాసుకోవాలి. అక్షరదోషాలను దిద్దకుండా ఉన్నవి ఉన్నట్టే ఎత్తి రాయాలి.

తెల్ల అక్షరాలకు నల్ల అంచు వేసినప్పుడు మన వత్తులు ఆ అంచులోనే కలిసిపోతుంటాయి. డ కింది వత్తు పోతే ‘గుడ్డి నమ్మకం’ కాస్తా ‘గుడి నమ్మకం’ అవుతుంది. దీనికి ఎంత పెద్ద గొడవ అవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే తెలుగుది ఇంకో చిక్కు. raadu అని ఉంటే అది ‘రాదు’ కావచ్చు, ‘రాడు’ కావచ్చు. ఆ మాట ఆడమనిషి గురించా, మగమనిషి గురించా అన్నది పక్కనున్న బొమ్మే చెప్పాలి.

ఇక ‘ఊచకోత’ సంగతి. క్రికెట్‌లో, సినిమా కలెక్షన్లలో ఈ మాట మెచ్చుకోలు. ‘చంపేశాడు’, ‘నరికేశాడు’ కూడా అంతే. ఇంగ్లిష్‌లోకో హిందీలోకో నిఘంటువు పట్టుకుని మారిస్తే అభిమాని కాస్తా హంతకుడిలా కనిపిస్తాడు. అలాగని యువత యాస అంటూ అన్నింటినీ కొట్టిపారేయడమూ పొరపాటే. తేడా తెలియాలంటే ఆ దెబ్బ దేని మీద పడుతోందో చూడాలి. బంతి, స్కోరు, బాక్సాఫీసు, ప్రత్యర్థి జట్టు అయితే అది పొగడ్త. ఒక మతం, కులం, ఫలానా మనిషి ఇల్లు, ఫలానా తేదీ కనిపిస్తే మాత్రం అక్కడ ఆగాలి. ఆ రకం మీమ్‌ను సరదాగా మార్చి అనువదిస్తే అది కూడా తప్పుడు అనువాదమే.

‘ఇగ సాలు, ఇడిసిపెట్టు’ అన్నదాంట్లో నవ్వంతా యాసలోనే ఉంది. ముంబై నుంచి వచ్చిన బౌలరు ఉప్పల్ గల్లీ మనిషిలా బతిమాలుకుంటున్నాడు. దాన్ని ‘సోదరా, ఇక చాలు, వదిలేయండి’ అన్న మాటలా మారిస్తే అర్థం మిగులుతుంది, నవ్వు చచ్చిపోతుంది. హిందీలోకైతే ఒక దారి ఉంది. పుస్తకాల హిందీ వదిలి హైదరాబాదీ దక్కనీలో ‘బస్ కరో భాయ్, అబ్ నక్కో’ అంటే ఊరి వాసన చాలావరకు నిలుస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ దారి లేదు. ఏదో ఒక ఇంగ్లిష్ పల్లె యాస తగిలిస్తే ఆ బౌలరు ఇంకెక్కడివాడో అయిపోతాడు. అక్కడ మామూలు వాక్యం రాసి, ‘బౌలరు తెలంగాణ యాసలో వేడుకోవడమే ఇందులో హాస్యం’ అని ఒక్క ముక్క చేర్చడమే మేలు. నవ్వు రాకపోయినా సరే, నవ్వు ఎక్కడుందో పాఠకుడికి తెలుస్తుంది.

బయటి మీమ్‌లను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకో ఇబ్బంది. ఇంగ్లిష్ మీమ్‌లో Nobody: అని రాసి ఖాళీ వదిలేస్తారు. ఎవరూ ఏమీ అడగకపోయినా కింది మనిషి మొదలుపెట్టాడని భావం. మన పత్రికల్లో దీన్ని ‘ఎవరూ:’ అని వేస్తున్నారు. తెలుగులో ‘ఎవరూ’ అన్నాక ‘లేదు’ అన్న అర్థమిచ్చే క్రియ రావాల్సిందే, లేకపోతే మాట గాలిలో వేలాడుతుంది. ‘ఎవరూ అడగలేదు. అయినా మా బాబాయి:’ అంటే చదివినవాడికి వెంటనే అందుతుంది. సరదా పేజీలో ఇలా తిరగరాసుకునే స్వేచ్ఛ ఉండాలి, ఉంటేనే అది పండుతుంది.

వార్తల పేజీలో మాత్రం ఆ స్వేచ్ఛ పనికిరాదు. అక్కడ మూడూ కనిపించాలి: అసలు మాటలు తెలుగు లిపిలో ఉన్నవి ఉన్నట్టు, వాటి అర్థం, బొమ్మలో ఎవరు ఎవరితో అంటున్నారన్న ఒక వాక్యం. ఈ మూడింటికీ నాలుగైదు లైన్ల చోటు చాలు. ఫేస్‌బుక్ చూపించే అనువాదాన్ని నేరుగా ఎత్తుకోవద్దు. 2025 జులైలో నటి బి. సరోజాదేవి మృతికి కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య కన్నడంలో సంతాపం తెలిపితే, ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అనువాదం ఆయనే చనిపోయినట్టు చూపించింది, తర్వాత ఆ సంస్థ క్షమాపణ చెప్పింది. పక్క రాష్ట్రం భాషే అయినా, అచ్చుకు పంపే ముందు ఆ భాష ఇంట్లో మాట్లాడే ఒకరికి బొమ్మతో సహా చూపించడం అవసరం.

చివరగా ఒక విన్నపం. అసలు అక్షరాలు చెరిపేసి, అదే బొమ్మ మీద తెలుగు మాటలు ఎక్కించి వేసే పద్ధతి మానండి. దాన్ని ఎవరో ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆ మాటలు మీమ్ చేసినవాడు రాసినవే అన్నట్టు ఊరంతా తిరుగుతాయి. అనువాదాన్ని బొమ్మ బయట, కింద వేయండి. తప్పనిసరిగా బొమ్మ మీదే వేయాల్సి వస్తే బొమ్మ లోపలే, కత్తిరించడానికి వీల్లేని చోట ‘అనువాదం’ అని రాయండి.

– ఇద్దరు అనువాదకులు, హైదరాబాద్