వార్షిక నివేదిక: తప్పు జవాబుపై పాడ్‌కాస్ట్ స్క్రిప్టు

సభ్యులకు నమస్కారం. జమాఖర్చులు, సభ్యత్వాల వివరాలు విడిగా జతచేశాం. ఈ భాగం ఒంగోలు, కందుకూరు, కావలి వైపు టీచర్ల శిక్షణకు సిద్ధంచేసిన పాడ్‌కాస్ట్ స్క్రిప్టు గురించి.

తరగతిలో తప్పు జవాబొస్తే ఏంచేయాలో మొత్తంగా చెప్పబోతే ఉపన్యాసమవుతుంది. అందుకే స్క్రిప్టంతా దశాంశాల్లోని ఒక్క ప్రశ్న చుట్టూ నడుస్తుంది: 0.5, 0.45లలో ఏది పెద్దది?

ఒక పిల్లవాడు 0.45 అంటాడు. ఐదు కంటే నలభై ఐదు పెద్దదని వాడి లెక్క. పూర్ణసంఖ్యల్లో చెల్లే పద్ధతినే ఇక్కడికి తెచ్చుకున్నాడు. "తప్పు, ఇంకెవరు చెప్తారు?" అంటే సరైన జవాబు వేరొకరి నోట వస్తుంది, వాడి లెక్క మాత్రం కదలదు. "పర్లేదు, బాగా ప్రయత్నించావు" అని దాటేస్తే తన జవాబు తప్పన్న సంగతే వాడికి తెలియదు. ఇదీ అన్యాయమే.

స్క్రిప్టులో టీచరమ్మ ముందు మూడు సెకన్లు ఆగుతుంది. టీచర్లు మామూలుగా ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లలు ఎక్కువ వివరంగా చెప్తారని మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. తర్వాత "ఎలా పోల్చావు నాన్నా?" అని అడుగుతుంది. సరైన జవాబు చెప్పినవాళ్లనూ ఇదే అడగాలి. లేకపోతే "ఎలా" అనగానే తప్పు చెప్పామని పిల్లలు పసిగట్టి జవాబు మార్చేస్తారు. ఆపైన బోర్డు మీద 0.5కి 5 పదోవంతులు, 0.45కి 4 పదోవంతులు, 5 వందోవంతులు అని రాసి, పదోవంతులు ఎందులో ఎక్కువో వాడితోనే చెప్పిస్తుంది. "అయితే 0.5 పెద్దది. ఇందాక అంకెలన్నీ కలిపి చదివావు, ఇప్పుడు స్థానం చూశావు" అని తేల్చి, 0.3, 0.125 ఇచ్చి పరీక్షిస్తుంది.

అసలు చిక్కు పక్క బెంచీలో ఉంది. ఒక అమ్మాయి 0.5 అని సరిగ్గానే చెబుతుంది. వందోవంతులు చిన్నవి కాబట్టి అంకెలు తక్కువున్నదే పెద్దదని ఆమె నమ్మకం. దీన్ని పట్టాలంటే 0.3, 0.45 అడగాలి, ఆమె 0.3 అంటుంది. మొదటి పిల్లవాడు మాత్రం ఈ జతకు తప్పు లెక్కతోనే ఒప్పు జవాబు చెప్పేస్తాడు. కాబట్టి రెండు జతలూ అడగాల్సిందే.

రూపాయల ఉదాహరణను తీసేశాం. 50 పైసలు, 45 పైసలు అంటే జవాబొస్తుంది గానీ, మళ్లీ పూర్ణసంఖ్యలనే పోలుస్తారు, 0.125 దగ్గర ఆగిపోతారు.

ప్రతి తప్పుకూ ఇంత తతంగం అక్కర్లేదు. నెల్లూరు కృష్ణ ఒడ్డున ఉందంటే, "కాదు, పెన్న" అని చెప్పి సాగిపోవడమే మేలు.

రికార్డింగులో రెండు జాగ్రత్తలు. 0.45ని "పాయింట్ నలభై ఐదు" అని చదివితే ఆ తప్పు లెక్కకే బలమిచ్చినట్టు. "సున్నా పాయింట్ నాలుగు ఐదు" అనాలి. మూడు సెకన్ల విరామంలో తరగతి ఫ్యాను చప్పుడు ఉంచాలి, లేకుంటే వినేవాళ్లు ఆడియో ఆగిపోయిందనుకుంటారు.

తదుపరి భాగం భిన్నాల మీద. 1/3 కంటే 1/4 పెద్దదన్న జవాబు విన్న సభ్యులు, పిల్లలు చెప్పిన కారణాన్ని వాళ్ల మాటల్లోనే రాసి పంపగలరు. పేర్లు వద్దు.