పాసు పుస్తకాల ఎంట్రీలో విస్తీర్ణానికి ఇక నాలుగు గడులు

"అన్నా, ఇంతకుముందు విస్తీర్ణం ఒక్క గడిలో ఇచ్చేవాళ్లు. ఇప్పుడు నాలుగు గడులు పెట్టి రేటు కూడా పెంచారు. ఎందుకు?"

పాసు పుస్తకాలు, దస్తావేజులు టైపు చేసి ఫైలుగా ఇచ్చే మన షాపు ఖమ్మంలో ఉంది కాబట్టి. తెలంగాణలోని వైరా, మధిర వైపు నుంచి వచ్చే పాసు పుస్తకాల్లో ఎకరం కింద కుంటలుంటాయి. ఆంధ్రలోని తిరువూరు, జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చే కాగితాల్లో సెంట్లుంటాయి. రెండు చోట్లా రాసేది మాత్రం ఒకేలా, మధ్యలో ఒక చుక్క పెట్టి 2.10 అని. కుంటల లెక్కలో అయితే అది రెండెకరాల పది కుంటలు, అంటే 10,890 గజాలు. సెంట్ల లెక్కలో రెండెకరాల పది సెంట్లు, 10,164 గజాలు. తేడా 726 గజాలు, సరిగ్గా ఆరు కుంటలు. గడిలో 2.10 అని మాత్రమే కనిపిస్తే చదివేవాళ్లకి ఏ లెక్కో తెలిసే దారి లేదు.

రాసేటప్పుడు మాకు తెలుస్తుంది, ఎందుకంటే కాగితం మా ముందే ఉంటుంది. ఆ ఫైలు లాయరు గారి ఆఫీసుకో, లోను పేపర్లు చూసేవాళ్లకో, వెంచర్ వాళ్ల కంప్యూటర్‌కో చేరాక కాగితం వెంట ఉండదు, గడి ఒక్కటే ఉంటుంది. పైగా సి.ఎస్.వి. ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే 2.10 కాస్తా 2.1 అయిపోతుంది. సెంట్లయితే నష్టం లేదు, 2.1 అన్నా 2.10 అన్నా ఒకటే. కుంటలయితే 2.1 అంటే రెండెకరాల ఒక్క కుంట అని చదువుతారు, తొమ్మిది కుంటలు అక్కడే మాయం. సేవ్ కొట్టి ఇంకొకరికి పంపితే అసలు ఏముండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

అందుకే ఇప్పుడు `extent_raw`, `acres`, `sub`, `unit` అని నాలుగు గడులు. మొదటిదాంట్లో కాగితం మీద ఎలా ఉందో అలాగే, చుక్కో గీతో సున్నాతో సహా, టెక్స్ట్‌గా ఉంటుంది. రెండోదాంట్లో ఎకరాలు, మూడోదాంట్లో కింది యూనిట్ సంఖ్య, నాలుగోదాంట్లో అది కుంటలా సెంట్లా అన్నది. తెలంగాణ ఆన్‌లైన్ ప్రింట్లలో చుక్క తర్వాత నాలుగు అంకెలుంటాయి. 0.0850 అంటే ఎనిమిదిన్నర కుంటలు. అది మా ఫైల్లో 0, 8.5, కుంటలు అని వస్తుంది.

ఒక పాసు పుస్తకం పేజీ తీసుకుందాం. నాలుగు సర్వే నంబర్లు, వాటి ఎదురుగా 1.25, 0.38, 2.10, 0.30, కింద మొత్తం 5.23 అని ఉందనుకోండి. ఈ నాలుగింటినీ ఎక్సెల్‌లో మామూలుగా కూడితే 4.03 వస్తుంది. కాగితం మీది మొత్తంతో కలవదు. కుంటలుగా కూడితే 25, 38, 10, 30 కలిపి 103 కుంటలు. నలభైకి ఒక ఎకరం చొప్పున తీస్తే రెండెకరాల ఇరవై మూడు కుంటలు. దానికి ముందున్న మూడెకరాలు కలిపితే 5.23, సరిపోయింది. ఈ ఒక్క కూడిక రెండు పనులు చేస్తుంది. యూనిట్ కుంటలే అని రుజువు చేస్తుంది, నాలుగు అంకెల్లో ఏదీ తప్పు టైపు కాలేదని కూడా చెబుతుంది. మొత్తం వేసి ఉన్న ప్రతి పేజీకీ ఇప్పుడు ఈ కూడిక చేస్తున్నాం. రేటు పెరిగిందంటే చాలావరకు దీనికే. ఎంట్రీ చేసిన మనిషి కాక ఇంకొకరు కూర్చుని చూడాలి.

మొత్తం లేని కాగితాలూ వస్తాయి. అప్పుడు యూనిట్ ఎలా తేలుస్తామంటే, ముందు లేబుల్ చూస్తాం. ఇక్కడే రెండు భాషల తంటా. ఒకే గడి పైన తెలుగులో "విస్తీర్ణం (ఎ. కుం.)" అని, దాని కిందో పక్కనో ఇంగ్లిష్‌లో ఉత్త ఎక్స్‌టెంట్ అని ఉంటుంది. కొన్నింట్లో దీనికి తిరగబడి ఉంటుంది. స్కాన్‌ని చదివే సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్ లేబుల్ ఒక్కటే పట్టుకుంటే బ్రాకెట్లో ఉన్న కుంటలు పోయాయన్నమాట. ఇంకొన్నిసార్లు రెండు లేబుళ్లనీ రెండు వేర్వేరు గడులనుకుని, ఒకదాంట్లో సంఖ్య, రెండోదాంట్లో ఖాళీ పెడుతుంది. అందుకని మా దగ్గర ప్రతి గడికీ తెలుగు, ఇంగ్లిష్ లేబుళ్లు రెండూ ఒకే పేరు కింద రాసిన పట్టిక ఉంది. ఖాతా నంబరు, తండ్రి లేదా భర్త పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, అన్నింటికీ అంతే. లేబుళ్లలో ఏ ఒక్కదాంట్లో యూనిట్ ఉన్నా అది `unit` గడిలోకి వెళుతుంది.

లేబుల్ ఏమీ చెప్పకపోతే చుక్క తర్వాతి సంఖ్య చూస్తాం. రెండంకెల్లో రాసిన పేజీలో ఎక్కడైనా 40గానీ అంతకన్నా ఎక్కువగానీ కనిపిస్తే అవి కుంటలు కావు, ఎందుకంటే నలభై కుంటలైతే ఎకరం అయిపోతుంది. ఇది ఒకవైపే పనిచేస్తుందని గుర్తుంచుకోండి. అన్నీ నలభై లోపు ఉన్నంత మాత్రాన కుంటలే అని చెప్పలేం. ఆ తర్వాత ఊరు ఏ రాష్ట్రంలో ఉందో చూస్తాం. అప్పటికీ తేలకపోతే `unit` గడిలో ప్రశ్న గుర్తు పెట్టి పంపుతాం. ప్రశ్న గుర్తు ఉన్న వరసను దయచేసి కూడికల్లో వాడకండి, మాకు ఫోన్ చేయండి.

సర్వే నంబర్ల సంగతి వేరు. అవి అంకెల్లా కనిపిస్తాయిగానీ సంఖ్యలు కావు, పేర్లు. 12/3 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. మీ కంప్యూటర్ సెట్టింగ్‌ని బట్టి మార్చి 12 అవుతుంది, లేదా డిసెంబర్ 3. 12/3/1 అయితే ఏకంగా 2001 సంవత్సరపు తేదీ. అందుకే ఇకనుంచి సి.ఎస్.వి. ఇవ్వడం మానేసి, సర్వే నంబరు గడి ముందే టెక్స్ట్‌గా పెట్టిన ఎక్సెల్ ఫైలే ఇస్తున్నాం. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకునేవాళ్లు అడిగితే సి.ఎస్.వి. కూడా ఇస్తాం. దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరవకండి, డేటా మెనూలోంచి దిగుమతి చేసుకుని సర్వే నంబరు గడిని, `extent_raw` గడిని టెక్స్ట్‌గా ఎంచుకోండి.

సర్వే నంబరు చివర ఉండే అక్షరాన్ని మాత్రం మేం ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చం. తెలంగాణ కాగితాల్లో 123/అ, 123/ఆ అని ఉన్నవి ఇంగ్లిష్‌లో 123/A, 123/AA అవుతాయి. ఆంధ్ర కాగితాల్లో 45/2A ఉన్నది తెలుగులో రాసినప్పుడు 45/2ఏ అవుతుంది. అంటే ఇంగ్లిష్ A కనిపించగానే అది అ అనో ఏ అనో తేల్చేయడం కుదరదు. "అంతా ఇంగ్లిష్‌లోనే కావాలి" అని కొందరు అడుగుతున్నారు. ఈ గడికి అది చేయలేం. కాగితం మీద ఏ లిపిలో ఉంటే ఆ లిపిలోనే వస్తుంది.

అంకెలకు ఆ ఇబ్బంది లేదు. ౭ అన్నా 7 అన్నా ఒకటే కాబట్టి అన్ని ఫైళ్లలోనూ 0 నుంచి 9 వరకు మామూలు అంకెలే ఇస్తాం. తెలుగు అంకెలు ఇప్పటి పాసు పుస్తకాల్లో రావు. పాత చేతిరాత దస్తావేజుల్లో వస్తాయి, అలాంటివి తెచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. మీరు సొంతంగా టైపు చేయించుకున్న పాత ఫైళ్లు మాకు ఇస్తున్నట్టయితే వాటిలో ఒకటి చూసుకోవాలి. చాలామంది తెలుగు సున్నా బదులు పూర్ణానుస్వారం కొడతారు. ౧౦ అని, ౧ం అని కొట్టినవి తెర మీద దాదాపు ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం మొదటిది సంఖ్య, రెండోది కాదు. వెతికితే దొరకదు, కూడితే కలవదు. మీ దగ్గర పైథాన్ తెలిసిన కుర్రాడుంటే ఇంత చాలు:

```python
t = str.maketrans('౦౧౨౩౪౫౬౭౮౯\u0c02',
                  '01234567890')
extent = extent.translate(t)
```

చివర ఉన్న `\u0c02` అనుస్వారం. దీన్ని సంఖ్యల గడి మీద మాత్రమే వాడాలి, అదీ లేబుల్ తీసేశాకే. "నెం." అనే మాట గడిలో మిగిలి ఉంటే అది "నె0." అయి కూర్చుంటుంది. ఇంకో మాట, పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో `\d` తెలుగు అంకెల్ని కూడా అంకెలుగానే ఒప్పుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో అదే `\d` ఒప్పుకోదు. ఒకచోట పాసైన ఫైలు ఇంకోచోట ఆగిపోతే ముందు ఇక్కడ చూడండి. `[0-9]` అని రాసుకుంటే రెండు చోట్లా ఒకేలా ఉంటుంది.

చేతిరాత దస్తావేజుల్లో ౨, ౩ ఒకదానిలా ఒకటి ఉండి కళ్లు నొప్పి పుట్టిస్తాయి. అక్కడ మాకు ఆసరా సొమ్ము రాసిన తీరే. ౧౨,౫౦౦ అని రాసి వెంటనే "అక్షరాల పన్నెండు వేల ఐదు వందల రూపాయలు" అని రాసి ఉంటుంది. రెండూ చదివి కలిస్తేనే 12500 అని, కామాలు లేకుండా ఎక్కిస్తాం. కలవకపోతే మేం ఒకటి ఎంచుకోం. రెండూ పక్కపక్కన ఇచ్చి పసుపు రంగు వేస్తాం, ఏది లెక్కలోకి తీసుకోవాలో మీ లాయరు గారు చూసుకుంటారు. విస్తీర్ణానికి ఇలాంటి అక్షరాల ఆసరా అన్ని దస్తావేజుల్లోనూ ఉండదు. అక్కడ హద్దులు, కొలతలు రాసి ఉంటే వాటితో సరిచూస్తాం, లేదంటే అనుమానం ఉన్న అంకె దగ్గర ప్రశ్న గుర్తే.

ఇక రేటు. పాసు పుస్తకానికి పేజీకి రెండు రూపాయలు పెంచాం. చేతిరాత దస్తావేజుకి పేజీ లెక్క తీసేసి, చూశాకే రేటు చెబుతున్నాం, ఎందుకంటే ఒక్కో రాతకి ఒక్కో టైము పడుతుంది. అర్జెంటు పని అంటే పాసు పుస్తకాలవరకే ఒప్పుకుంటాం. దస్తావేజులు సాయంత్రానికల్లా కావాలంటే రెండో మనిషి చూడకుండా ఇవ్వాలి, అలా ఇవ్వం.

పాత పద్ధతిలో తీసుకున్న ఫైళ్లు కొత్త గడుల్లోకి మార్చి ఇమ్మంటే, స్కాన్లు మీ దగ్గర ఉంటే ఊరికే మార్చి ఇస్తాం. పని అయిన తర్వాత మేం స్కాన్లు ఉంచుకోం, కాబట్టి మళ్లీ పంపాల్సిందే. స్కాన్లు 300 డీపీఐలో, కలర్‌లో తీయండి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా పంపితే అది కుదించేస్తుంది, అక్కడ ముందుగా మాయమయ్యేది దశాంశ చుక్కే. ఆధార్ నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి పంపేముందే కప్పేయండి, మా ఫైల్లో వాటికి గడి లేదు.